చిమ్నీ జిడ్డు ఎలా వదులుతుంది?

చిమ్నీ ఫిల్టర్‌ మీద వేలు పెడితే అంటుకునేది నూనె అనుకుంటాం. ఒకప్పుడది నూనే. పోపు వేసినప్పుడు, అప్పడాలు వేయించినప్పుడు ఆవిరితో పాటు పైకి లేచిన సన్నటి నూనె తుంపరలు ఫిల్టర్ రేకులకు తగిలి అక్కడే ఆగిపోతాయి. రోజూ తగిలే వేడికీ గాలిలోని ఆక్సిజన్‌కూ చిక్కబడి మొదట బంకలా, తర్వాత వార్నిష్‌లా గట్టిపడతాయి. పొద్దుతిరుగుడు నూనెకు ఈ గుణం వేరుశనగ నూనెకన్నా ఎక్కువ. నిన్న పడ్డ మరక సబ్బునీళ్లకు పోతుంది కానీ, మూడు నెలల నాటిది ఎంత తోమినా కదలదు.

దానికి చాలామంది చేసే వైద్యం, వంట సోడా చల్లి మీద వెనిగర్ పోయడం. బుసబుసా నురుగు పొంగుతుంది, చూడముచ్చటగానే ఉంటుంది. కానీ సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ కలిశాక ఒకదాని బలాన్ని ఇంకొకటి తినేస్తుంది. పొంగిన గ్యాస్ గాలిలో కలిసిపోగా, మిగిలేది జిడ్డును పెద్దగా ఏమీ చేయలేని ఉప్పు నీళ్లు. జిడ్డు మీద పనిచేసేది క్షారం. అది కొంత జిడ్డును సబ్బుగా మార్చి, మిగతాదాన్ని నీళ్లలోకి లాగుతుంది. వంట సోడా మరీ మెతక క్షారం. కిరాణా కొట్లో బట్టలకని అమ్మే వాషింగ్ సోడా దానికన్నా చాలా ఘాటు. అది దొరక్కపోతే వంట సోడానే నీళ్లలో కాసేపు మరిగించండి, కొంత భాగం వాషింగ్ సోడాగా మారుతుంది.

స్టీలు బాఫిల్ ఫిల్టర్‌ను, అంటే వంపు తిరిగిన పట్టీలు వరసగా ఉండే రకాన్ని, ఎలా కడగాలో చూద్దాం. ముందు చిమ్నీ స్విచ్ ఆపి, చల్లారాక ఫిల్టర్ ఊడదీయండి. కింద నూనె కప్పు ఉంటే అందులోది పాత వార్తాపత్రికలో ఒంపి చెత్తబుట్టలో వేయండి. సింకులో పోస్తే వేడి మీద జారిపోయినట్టే ఉండి, పైపులో చల్లారాక పేరుకుపోతుంది. ఫిల్టర్ మునిగేంత తొట్టిలో అయిదు లీటర్ల మరిగిన నీళ్లు, అరకప్పు వాషింగ్ సోడా, చెంచాడు గిన్నెల లిక్విడ్ కలిపి, అరగంట నాననివ్వండి. వేడి ఇక్కడ సగం పని చేస్తుంది. చల్లటి నీళ్లలో రాత్రంతా ఉంచినా ఇంత ఫలితం రాదు. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. నీళ్లు టీ రంగుకు తిరిగాయంటే జిడ్డు వదులుతున్నట్టే. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో సందుల్లో రుద్ది, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. వేలితో రాస్తే జారకుండా కీచుమంటే శుభ్రమైనట్టు. ఇంకా జారుతుంటే మరో విడత కొత్త నీళ్లలో నానబెట్టాలి, ఆ మురికి నీళ్లలోనే కాదు.

ఈ పద్ధతి అల్యూమినియం ఫిల్టర్‌కు పనికిరాదు. సన్నటి జాలీ పొరలుగా ఉండే మెష్ ఫిల్టర్లు చాలావరకు ఆ లోహంతోనే చేస్తారు. వాషింగ్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. సన్నటి బుడగలు లేచి, లోహం నల్లబారుతుంది. ఆ నలుపు అంత తేలిగ్గా పోదు. ఏ లోహమో తేలకపోతే, వేడి సోడానీటి చుక్కను కనిపించని మూల వేసి కొద్ది నిమిషాలు చూడండి. బుడగలు వచ్చినా, రంగు మారినా వెంటనే కడిగేసి, వేడినీళ్లు, గిన్నెల లిక్విడ్‌తో సరిపెట్టుకోండి. వీటిని బాగా పేరుకోనివ్వకుండా రెండు మూడు వారాలకోసారి కడుక్కోవడమే మేలు.

చిమ్నీ పైభాగం మీది బంకకు నేను వాడేది ఇంకో నూనే! గుడ్డ మీద రెండు చుక్కల వంటనూనె వేసి రుద్దితే పాత బంక మెత్తబడుతుంది. ఆ వెంటనే లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్లతో తుడిచేయాలి. నూనెను అలాగే వదిలేస్తే కొత్త బంకకు మనమే నాంది పలికినట్టు.

ఆమ్లానికి వేరే పని ఉంది. బోరు నీళ్లు ఆరిన తెల్లమచ్చలు, ఇత్తడి బర్నర్ మీది నలుపు, వేడికి స్టీలు మీద తేలిన ఇంద్రధనుస్సు రంగులు... ఇవి జిడ్డు కావు, సోడాకు లొంగవు. చింతపండు పులుసో నిమ్మరసమో రాసి, పది నిమిషాల తర్వాత కడిగితే చాలు. జిడ్డు ఉంటే ముందు దాన్ని తీశాకే ఆమ్లం రాయాలి. బర్నర్ అయితే సన్నటి పిన్నుతో రంధ్రాలు పొడిచి, తడి ఆరాక పెట్టండి. మంట పచ్చగా, ఒంటివైపుకి వస్తుంటే ఇంకా ఎక్కడో అడ్డు ఉందని అర్థం.

స్టీలు మీద ఇనుప పీచు వద్దు. అది గీతలు పెట్టడమే కాక ఇనుప తునకలను వదిలేస్తుంది. అవే తుప్పు పట్టి, స్టీలే తుప్పు పట్టిందని భ్రమ కలిగిస్తాయి. ఉపరితలంలో గీతలు ఏ దిశలో కనిపిస్తే ఆ వెంబడే తుడవండి. బ్లీచింగ్ ద్రవం వాడితే స్టీలు మీద చిన్న గుంటలు పడతాయి. దాన్ని వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో కలిపితే ప్రాణానికి ముప్పైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. గాజు స్టవ్‌ను మాత్రం చల్లారాకే తుడవండి. వేడి గాజు మీద చల్లటి తడిగుడ్డ పెడితే అది పగిలిపోవచ్చు.