ఒకే ఎంజైము, రెండు పనులు

రాత్రి అన్నం తిన్నాక ఇన్సులిన్ పెరుగుతుంది. కాలేయంలో పీఎఫ్‌కే-2 ఎంజైముకు అంటుకున్న ఫాస్ఫేటు ఊడిపోయి, అది ఫ్రక్టోజ్-2,6-బిస్‌ఫాస్ఫేట్‌ను తయారుచేస్తుంది. ఈ పదార్థం పీఎఫ్‌కే-1ను ఉరకలెత్తించి గ్లూకోజును విడగొట్టే గ్లైకాలసిస్‌ను నడుపుతుంది. గ్లూకోజును తయారుచేసే దారిలోని ఫ్రక్టోజ్-1,6-బిస్‌ఫాస్ఫటేజ్‌ను మాత్రం అణచివేస్తుంది.

తెల్లారేసరికి కడుపు ఖాళీ. గ్లూకగాన్ పెరిగి, ప్రోటీన్ కైనేజ్-ఏ చేత అదే పీఎఫ్‌కే-2కు మళ్లీ ఫాస్ఫేటు తగిలిస్తుంది. అప్పుడది తాను చేసిన పదార్థాన్నే విరిచేస్తుంది. పైరువేట్ కైనేజ్ కూడా ఇలాగే మందగిస్తుంది. ఇక కాలేయం లాక్టేటు, అమైనో ఆమ్లాల నుంచి గ్లూకోజు తయారుచేసి రక్తంలోకి పంపుతుంది.

అందుకే పరీక్షలో ‘ఉపవాసంలో కాలేయంలో ఫ్రక్టోజ్-2,6-బిస్‌ఫాస్ఫేట్ ఏమవుతుంది?’ అని అడిగితే, జవాబు ‘తగ్గుతుంది’. ఈ లెక్క కాలేయానిదే. కండరంలో గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ లేదు కాబట్టి, అది రక్తానికి గ్లూకోజు ఇవ్వలేదు.