కామా చెరిపేముందు ఒకసారి చూడండి

నెలాఖరున హార్డ్‌వేర్ కొట్టు గుమస్తా దగ్గరికి బిల్లులు నాలుగు దారుల్లో వచ్చి పడతాయి. కొన్ని మెయిల్‌లో పీడీఎఫ్‌లుగా, కొన్ని వాట్సాప్‌లో ఫొటోలుగా, కొన్ని పాత స్కాన్ కాపీలుగా. వాటిలోని మొత్తాలను ఏదో ఒక టూల్‌తో బయటికి లాగి ఎక్సెల్‌లో ఒకే కాలమ్‌లో పేర్చడం ఇప్పుడు పెద్ద పని కాదు. చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతుంది. కాలమ్ కింద మొత్తం కూడమంటే సున్నా వస్తుంది. ట్యాలీలోకి పంపబోతే తీసుకోదు.

ఎందుకంటే అక్కడున్నవి అంకెల్లా కనిపించే అక్షరాలు. మన కంటికి ₹1,23,456.00 అంటే లక్షా ఇరవై మూడు వేల నాలుగు వందల యాభై ఆరు రూపాయలు. ఎక్సెల్ దాన్ని సంఖ్యగా గుర్తించకపోతే మాత్రం మనిషి పేరుకీ దానికీ తేడా ఉండదు. గుర్తుపట్టడం తేలికే. సంఖ్య అయితే గడిలో కుడి అంచుకు చేరుతుంది, అక్షరాలైతే ఎడమ అంచుకు అతుక్కుంటాయి. ఇలా అక్షరాలుగా మిగిలిన గడులను SUM ఏ హెచ్చరికా లేకుండా దాటేస్తుంది. కాలమ్ మొత్తం అలాగే ఉంటే సున్నా వస్తుంది కాబట్టి తెలిసిపోతుంది. ఇరవైలో మూడు మాత్రమే అలా ఉంటే మొత్తం కొంచెం తగ్గుతుంది, అంతే. అసలు ప్రమాదం అక్కడే.

అందుకని అందరూ చేసే పని ఒకటుంది. అంకెలూ దశాంశ చుక్కా ఉంచి మిగతావన్నీ ఊడ్చిపారేయడం. ఆ ఊడ్పు ఏం చేస్తుందో ఆరు బిల్లుల మీద చూద్దాం. ఇవి ఉదాహరణ కోసం కూర్చినవే అయినా, ఇందులోని ప్రతి వంకరా రోజూ ఎదురయ్యేదే.

```
₹1,23,456.00
Rs.500/-
`18,250.00
712,500.00
(2,360.00)
45,200.00 
```

మొదటిది సరైన బిల్లు. రెండోది చేతిరాత బిల్లుల అలవాటు: ముందు రూపాయల పొట్టిరాత, వెనక గీతలు. మూడోదానిలో అంకెకు ముందున్న వంకర గీత అచ్చుతప్పు కాదు. రూపాయి గుర్తును కేంద్ర మంత్రివర్గం 2010 జులై 15న ఆమోదించింది. అప్పటికి కంప్యూటర్ల ఫాంట్లలో ఆ గుర్తు లేదు. మంగళూరుకు చెందిన ఫోరాడియన్ అనే సంస్థ ఒక ఫాంటు తయారుచేసి, కీబోర్డులో ట్యాబ్ మీటకు పైనున్న ఆ వంకర గీత స్థానంలో రూపాయి బొమ్మను కూర్చోబెట్టింది. ఆ ఏడాదే యూనికోడ్‌లో రూపాయికి సొంత స్థానం వచ్చినా, పాత ఫాంటుతో తయారైన బిల్లు నమూనాలు అలాగే ఉండిపోయాయి. అలాంటి పీడీఎఫ్ తెర మీద చూస్తే రూపాయి గుర్తే కనిపిస్తుంది. అందులోని అక్షరాన్ని కాపీ చేస్తే మాత్రం వంకర గీత బయటికొస్తుంది.

నాలుగోది స్కాన్ చేసిన బిల్లు. దాని అసలు మొత్తం ₹12,500.00. బొమ్మలోంచి అక్షరాలు పోల్చుకునే ఓసీఆర్, రూపాయి గుర్తును 7 అనుకుంది. 2 అనుకున్న సందర్భాలూ ఉంటాయి. అయిదోది సరుకు వెనక్కి పంపినందుకు సరఫరాదారు ఇచ్చిన క్రెడిట్ నోట్. బ్రాకెట్లు వేశారంటే తీసివేయాల్సిన మొత్తమని అర్థం. ఆరోదానిలో తప్పేమీ కనిపించదు, కానీ చివర ఒక ఖాళీ దాగి ఉంది.

వీటి సరైన మొత్తం ₹1,97,546. అంకెలూ చుక్కా తప్ప అన్నీ తీసేస్తే వచ్చే మొత్తం ₹9,01,766.50. తేడా ఏడు లక్షలు దాటింది. అందులో ఏడు లక్షలు రూపాయి గుర్తు 7గా మారినందువల్ల వచ్చినవే. బ్రాకెట్లు పోవడంతో 2,360 తీసివేతకు బదులు కూడికలోకి వెళ్లి, తేడాకు 4,720 జతచేసింది. ఇక అయిదు వందల బిల్లు కథ వేరు. Rs. అక్షరాలు పోయాయి కానీ వాటి వెనకున్న చుక్క పోలేదు. మిగిలింది .500, అంటే అర్ధరూపాయి. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని తప్పనదు, అదీ చెల్లే సంఖ్యే కాబట్టి. అదే Rs.1,500.00 అయి ఉంటే .1500.00 అని రెండు చుక్కలొచ్చి ఎక్కడో ఒకచోట ఆగిపోయేది. ఈ రెంటిలో ఆగిపోయేదే మనకు మేలు చేస్తుంది.

కాబట్టి గుర్తులన్నిటినీ ఒకే దెబ్బకు కాకుండా, తెలిసినవాటిని పేరుపెట్టి తీయాలి. Rs. తీసేటప్పుడు చుక్కతో కలిపే తీయాలి. వెనకున్న గీతలు రెంటినీ జంటగానే తీయాలి. ఏటవాలు గీత ఒక్కటే తీసేస్తే 500- మిగులుతుంది, దాన్ని రుణ సంఖ్యగా చదివే టూల్స్ ఉన్నాయి. ముఖ్యంగా ఈ దశలో కామాల జోలికి పోకూడదు. మూలం A కాలమ్‌లో చెక్కుచెదరకుండా ఉండాలి, శుభ్రం చేసింది పక్కనే B కాలమ్‌లో రావాలి:

```
=TRIM(SUBSTITUTE(SUBSTITUTE(SUBSTITUTE(SUBSTITUTE(SUBSTITUTE(A2,UNICHAR(160)," "),"₹",""),"`",""),"Rs.",""),"/-",""))
```

ఇందులో UNICHAR(160) పట్టుకునేది ఆరో బిల్లు చివర దాగిన ఖాళీని. వెబ్‌పేజీల్లోంచి, పీడీఎఫ్‌ల్లోంచి వచ్చే ఖాళీల్లో ఇదొక రకం. ఒక మాట వరస చివర విరిగిపోకుండా కలిపి ఉంచడానికి పుట్టింది. చూపుకు మామూలు ఖాళీకీ దీనికీ తేడా లేదు. TRIM మామూలు ఖాళీని తీస్తుంది, దీన్ని తాకదు. TRIM వేసినా అంకె ఎడమ అంచునే వేలాడుతోందని విసుక్కునేవారికి చాలాసార్లు జవాబు ఇదే. అందుకే ముందు దాన్ని మామూలు ఖాళీగా మార్చి, ఆ తర్వాత TRIM చేతికి ఇస్తున్నాం. ఇంకో సంగతి. SUBSTITUTE చిన్నాపెద్దా అక్షరాలను వేరుగా చూస్తుంది. మీ బిల్లుల్లో RS. అని ఉంటే దానికి మరో SUBSTITUTE చేర్చాలి.

మొత్తం మధ్యలో ఉన్న ఖాళీలను మాత్రం ఈ సూత్రం కావాలనే వదిలేస్తుంది. బిల్లులో పరిమాణం 2, పక్క కాలమ్‌లో మొత్తం 1,500.00 ఉన్నాయనుకోండి. బయటికి లాగేటప్పుడు రెండూ ఒకే గడిలో పడితే 2 1,500.00 అవుతుంది. ఖాళీలన్నీ తీసే ఉత్సాహంలో ఉంటే అది 21,500.00గా మారి, ఎక్కడా అనుమానం రాని నికార్సయిన మొత్తంలా నిలబడుతుంది. ఖాళీ అలాగే ఉంటే సంఖ్యగా మార్చే చోట ఎక్సెల్ #VALUE! అని మొరాయిస్తుంది. మొరాయించనివ్వండి.

ఇప్పుడు C కాలమ్‌లో కామాలు తీసి సంఖ్యగా మారుద్దాం. బ్రాకెట్లలో ఉన్నదాన్ని VALUE తనంతట తానే రుణ సంఖ్యగా తీసుకుంటుంది.

```
=VALUE(SUBSTITUTE(B2,",",""))
```

కామాలను ఇంతవరకు ఎందుకు కాపాడుకొచ్చామంటే, అవి సాక్ష్యం. మన పద్ధతిలో కుడినుంచి మొదటి కామా మూడంకెలకు, ఆ తర్వాత ప్రతి రెండంకెలకు ఒకటి. ఏడు లక్షల పన్నెండు వేల అయిదు వందలను ఇక్కడి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ 7,12,500 అని వేస్తుంది. 712,500 అని ఉందంటే రెండే కారణాలు: బిల్లు విదేశీ పద్ధతిలో ముద్రించారు, లేదా ముందు ఎక్కడినుంచో ఒక అంకె వచ్చి చేరింది. కామాలు తీసేశాక ఈ రెండూ కనిపించవు. కాబట్టి C కాలమ్‌లోని సంఖ్యను మళ్లీ లక్షల పద్ధతిలో రాయించి, అది B కాలమ్‌తో అక్షరం పొల్లుపోకుండా సరిపోతుందో లేదో D కాలమ్‌లో అడుగుదాం:

```
=IF(TEXT(C2,"[>=10000000]##\,##\,##\,##0.00;[>=100000]##\,##\,##0.00;##,##0.00")=B2,"","చూడు")
```

పొడవు చూసి బెదరక్కర్లేదు. కోటి దాటితే ఒక రూపం, లక్ష దాటితే ఇంకో రూపం, మిగతావాటికి మూడోది అని చెబుతోంది, అంతే. మన ఆరు బిల్లుల మీద నడిపితే మూడు చోట్ల ‘చూడు’ పడుతుంది. 712,500.00 దగ్గర, అసలు రావాల్సింది 7,12,500.00 కాబట్టి. (2,360.00) దగ్గర, అది -2,360.00గా మారింది కాబట్టి. 500 దగ్గర, దానికి పైసలు లేవు కాబట్టి. చివరిది తప్పు కాదు, ఒక్క చూపు చూసి దాటేయొచ్చు. కానీ ముందటి గుడ్డి ఊడ్పులో దెబ్బతిన్న మూడు వరసలూ సరిగ్గా ఇవే.

కామా సాక్ష్యానికీ హద్దుంది. ₹1,250.00లోని గుర్తు 7 అయితే 71,250.00 వస్తుంది, కామా సరైన చోటే ఉంటుంది. ఇలాంటిది బిల్లులోని మిగతా అంకెలతోనే బయటపడుతుంది. మన నాలుగో బిల్లునే తీసుకోండి. సరుకు విలువ 10,593.22, 18 శాతం జీఎస్టీలో కేంద్రం వాటా 953.39, రాష్ట్రం వాటా 953.39. మూడూ కూడితే 12,500.00. మొత్తంతో పాటు ఈ మూడింటినీ బయటికి లాగి ఉంటే, ఏడు లక్షల చిల్లర అబద్ధమని ఒక్క కూడికతో తేలిపోతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పన్ను వివరాలు ఉండవు కానీ ప్రతి వరస చివరా నిల్వ ఉంటుంది. పై వరస నిల్వకు జమ కలిపి, ఖర్చు తీసేస్తే ఈ వరస నిల్వ రావాలి. రాని చోట ఆగాలి. ఈ పని చేయకుండా స్కాన్ కాపీల్లోంచి తీసిన మొత్తాలను నేరుగా లెక్కల్లోకి ఎక్కించడం నా దృష్టిలో సాహసం కాదు, నిర్లక్ష్యం.

ఇక దిగుమతి. ట్యాలీప్రైమ్ 4.0 నుంచి ఎక్సెల్ ఫైలునే నేరుగా తీసుకుంటుంది. చాలా సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ సీఎస్‌వీ అడుగుతాయి. ఆ ఫైల్లో ఒక గడికీ ఇంకో గడికీ మధ్య హద్దే కామా. మొత్తంలో కామాలు మిగిలి, చుట్టూ కొటేషన్ గుర్తులు లేకపోతే 1,23,456.00 మూడు గడులుగా చీలి, పక్కనున్నవన్నీ రెండేసి గడులు జరిగిపోతాయి. ఇక్కడ ఎక్సెల్ ఒక తిరకాసు పెడుతుంది. సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు గడిలోని అసలు సంఖ్యను కాకుండా తెర మీద కనిపించే రూపాన్ని రాస్తుంది. అంటే C కాలమ్‌కు అందంగా ఉంటుందని కామాల ఫార్మాట్ పెట్టి ఉంటే, ఇంత కష్టపడి తీసిన కామాలు ఫైల్లోకి తిరిగొస్తాయి. ఎక్సెల్ తనంతట తాను కొటేషన్లు తగిలిస్తుంది కాబట్టి గడులు చీలకపోవచ్చు, కానీ అవతలి సాఫ్ట్‌వేర్ కామా ఉన్న మొత్తాన్ని ఒప్పుకోకపోవచ్చు. సేవ్ చేసేముందు ఆ కాలమ్‌ను 0.00 ఫార్మాట్‌లో పెట్టి, తయారైన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. మళ్లీ ఎక్సెల్‌లో తెరిస్తే అది తన పద్ధతిలో అలంకరించి చూపిస్తుంది, లోపల ఏముందో తెలియదు.

ఆ -2,360ను మాత్రం మిగతావాటితో కలిపి కొనుగోలు వోచర్లలోకి పంపకండి. సరఫరాదారు మనకిచ్చింది క్రెడిట్ నోట్ అయినా, కొన్నవాడి పుస్తకాల్లో అది డెబిట్ నోట్. దాన్ని వేరే షీట్‌లోకి తీసి, మైనస్ లేకుండా 2360.00గా, డెబిట్ నోట్ వోచర్‌గా ఎక్కించాలి. మిగిలిన అయిదు వరసల మొత్తం 1,99,906.00. దిగుమతి అయ్యాక ట్యాలీ కొనుగోలు రిజిస్టర్‌లో ఆ బ్యాచ్‌కు కనిపించాల్సిన బిల్లుల మొత్తం ఇదే.