లోపలి ప్రమేయం, పక్కనే దాని అవకలజం

ఇంటర్ రెండో ఏడాది గణితంలో ప్రతిక్షేపణ పద్ధతి మొదలవగానే చాలామందికి వచ్చే సందేహం ఒకటే: uగా దేన్ని తీసుకోవాలి? సూత్రం గుర్తుంటుంది కానీ, లెక్క చూడగానే చూపు ఎక్కడ ఆగాలో తెలియదు. ఈ ఒక్క సంగతినే ఒక ఉదాహరణతో చూద్దాం.

∫ x√(x² + 9) dx

ఇందులో ఒకదాని లోపల ఒకటి ఉన్న భాగం √(x² + 9). బయట వర్గమూలం, లోపల x² + 9. ముందు ఆ లోపలి ప్రమేయాన్ని పట్టుకుని అవకలనం చేయాలి. 2x వస్తుంది. ఇప్పుడు మిగిలిన లెక్కలో ఆ 2x ఉందా అని వెతకాలి. వర్గమూలం ముందు x ఉంది. లేనిది 2 మాత్రమే. అది స్థిరాంకం కాబట్టి దిగులు లేదు. u = x² + 9 అనుకుంటే du = 2x dx, అంటే x dx = du/2. మొత్తం లెక్క ½∫√u du అయిపోతుంది. దాని జవాబు ⅓u^(3/2) + C. u స్థానంలో x² + 9 తిరిగి రాస్తే పని పూర్తయినట్టే.

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే వెనక్కి నడవాలి. (x² + 9)^(3/2)ను అవకలనం చేసి చూడండి. శృంఖల నియమం ప్రకారం ముందు బయటి ఘాతం దిగుతుంది, తర్వాత లోపలి ప్రమేయపు అవకలజం 2x వచ్చి గుణకంగా చేరుతుంది. ఫలితం 3x√(x² + 9). శృంఖల నియమం ఎప్పుడు పనిచేసినా ఇలా లోపలి ప్రమేయపు అవకలజాన్ని గుణకంగా వదిలి వెళ్తుంది. మనం వెతికేది ఆ జాడనే. అది కనిపిస్తే, ఈ ప్రమేయం దేన్ని అవకలనం చేస్తే వచ్చిందో ఊహించే దారి దొరికినట్టే.

ఆ జాడ లేకపోతే? పై లెక్కలో ముందున్న xను తీసేస్తే ∫√(x² + 9) dx మిగులుతుంది. చూపుకి ఇది ఇంకా తేలిక. కానీ u = x² + 9 అంటే dx = du/(2x) అవుతుంది, ఆ x ఎక్కడికీ పోదు. ఇక్కడే కొందరు 1/(2x)ను స్థిరాంకంలా సమాకలన గుర్తు బయటికి తెచ్చేస్తారు. అది తప్పు. 2 లాంటి సంఖ్య బయటికి రాగలదు, x మారుతూ ఉండే రాశి కాబట్టి రాలేదు. ఇలా వచ్చిన జవాబును తిరిగి అవకలనం చేస్తే మొదటి ప్రమేయం రాదు, దాంతో పొరపాటు బయటపడుతుంది. ఈ లెక్కకు x = 3 tan θ లాంటి వేరే ప్రతిక్షేపణ కావాలి.

కొన్నిచోట్ల ఏ ప్రతిక్షేపణా ఆదుకోదు. ∫ x e^(−x²) dx రెండు వరుసల్లో తేలుతుంది, ఎందుకంటే ఘాతంలోని −x²కు అవకలజం −2x, దానికి కావలసిన x పక్కనే ఉంది. ఆ xను తీసేసి ∫ e^(−x²) dx అంటే మాత్రం, బీజీయ, ఘాత, సంవర్గమాన, త్రికోణమితి ప్రమేయాల పరిమిత కలయికగా జవాబు రాయడం అసాధ్యం. 19వ శతాబ్దపు ఫ్రెంచ్ గణితవేత్త లియోవిల్ సిద్ధాంతంతో దీన్ని నిరూపించవచ్చు. ఒక్క x ఉండటానికీ లేకపోవటానికీ మధ్య అంత దూరం ఉంది.

హద్దులున్న సమాకలనంలో మరో జాగ్రత్త కావాలి. మొదటి లెక్కనే x = 0 నుంచి 4 వరకు చేద్దాం. చలరాశి uగా మారినప్పుడు హద్దులు కూడా మారాలి. x = 0 అయితే u = 9, x = 4 అయితే u = 25. అప్పుడు ⅓(125 − 27) = 98/3, అంటే సుమారు 32.67. హద్దులు మార్చకుండా uకి 0, 4 వేస్తే 8/3, అంటే 2.67 వస్తుంది.

రెండింటిలో ఏది సరైనదో వక్రరేఖే చెబుతుంది. √(x² + 9) ఎప్పుడూ 3కు తగ్గదు కాబట్టి వక్రరేఖ 3x గీతకు దిగువకు పోదు. ఆ గీత కింద 0 నుంచి 4 వరకు వైశాల్యం 24. ఇక x = 4 దగ్గర వక్రరేఖ ఎత్తు 20. మూలబిందువు నుంచి అక్కడికి గీసిన సరళరేఖ కింద వైశాల్యం 40. వక్రరేఖ ఆ సరళరేఖ కిందే వంగి ఉంటుంది. కాబట్టి జవాబు 24కూ 40కీ మధ్య ఉండి తీరాలి. 32.67 అందులో ఇముడుతుంది, 2.67 ఇమడదు.

వెతికే అవకలజం ప్రతిసారీ బాహాటంగా కనిపించదు. ∫ (log x)/x dxలో అది హారంలో ఉంది. log xకు అవకలజం 1/x కాబట్టి u = log x అనుకుంటే జవాబు ½(log x)² + C. ∫ tan x dxలో లోపలి ప్రమేయమే కనిపించదు. దాన్ని sin x / cos x అని రాశాకే, హారంలోని cos xకు అవకలజమైన −sin x, గుర్తు తేడాతో లవంలో ఉందని తెలుస్తుంది. అందుకే uను ఎంచుకునే ముందు అనుమానమున్న ప్రతి భాగాన్నీ ఒక పక్కన అవకలనం చేసి రాసుకోండి. ఆ వచ్చినదాన్ని లెక్కలో వెతకండి. స్థిరాంకం ఒక్కటే తేడా అయితే ముందుకు వెళ్లండి. x మిగిలిపోయి, దాన్ని uలో రాయడానికీ వీలు లేకపోతే ఆ ఎంపికను వదిలి మరో భాగాన్ని చూడండి.