పగలు వెలిగి రాత్రి ఆరిన దీపం

చీకటి పడగానే తోటలోని దీపాలు వాటంతటవే వెలగాలి, తెల్లవారాక ఆరిపోవాలి. అందుకోసం ఓ చిన్న సర్క్యూట్ బోర్డు తయారైందనుకుందాం. టంకం చక్కగా పట్టింది, రిలే టిక్కుమంది. దీపాలు మాత్రం పగలంతా వెలిగి రాత్రి ఆరిపోయాయి. కాలిన భాగం లేదు, తెగిన ట్రాక్ లేదు. తప్పు బోర్డు అచ్చయ్యే ముందే, కంప్యూటర్ తెరమీదే జరిగిపోయింది.

బోర్డు డిజైన్ స్కెమాటిక్‌తో మొదలవుతుంది. కైక్యాడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రిలే, దాన్ని నడిపే ట్రాన్సిస్టర్, కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్, ఇలా గుర్తులు పెట్టి గీతలతో కలుపుతారు. రిలేకు అయిదు కాళ్లు. రెండు కాయిల్‌వి, ఒకటి కామన్. మిగిలిన రెండిట్లో ఎన్‌సీ అనేది కాయిల్‌కు కరెంటు లేనప్పుడు కామన్‌తో కలిసి ఉంటుంది, ఎన్‌ఓ కరెంటు వచ్చాక కలుస్తుంది. స్కెమాటిక్‌లో సైజులుండవు, ఏ కాలు ఏ కాలితో కలవాలో మాత్రమే ఉంటుంది. మన దీపాల తీగ సరిగ్గా ఎన్‌ఓకే కలిపారు.

తర్వాతి మెట్టు ఫుట్‌ప్రింట్. ఆ భాగం కాళ్లు బోర్డు మీద ఎక్కడ దిగాలో, రంధ్రం ఎంత ఉండాలో, చుట్టూ రాగి ప్యాడ్ ఎంత ఉండాలో చెప్పే బొమ్మ ఇది. మార్కెట్లో విరివిగా దొరికే నీలం రంగు అయిదు వోల్టుల రిలేకు డేటాషీట్‌లో కాళ్ల బొమ్మను కింది వైపు నుంచి చూసినట్టు గీస్తారు. ఫుట్‌ప్రింట్‌నేమో పై నుంచి చూసినట్టు గీయాలి. తోలుబొమ్మను తెర వెనక్కి వెళ్లి చూస్తే కుడి చెయ్యి ఎడమవైపుకు వచ్చినట్టు, డేటాషీట్ బొమ్మను ఉన్నదున్నట్టు దించేస్తే కుడిఎడమలు తారుమారవుతాయి.

మరో భాగమైతే కాళ్లు రంధ్రాల్లో దిగక తప్పు వెంటనే బయటపడేదేమో. ఈ రిలే కాళ్ల అమరిక కుడికీ ఎడమకీ ఒకేలా ఉంటుంది. తిరగేసిన ఫుట్‌ప్రింట్‌లోనూ అది హాయిగా కూర్చుంటుంది. కాయిల్ కాళ్లు తారుమారైనా నష్టం లేదు. కామన్ మధ్యగీత మీద ఉంటుంది కాబట్టి కదలదు. ఎన్‌ఓ, ఎన్‌సీ మాత్రం చోట్లు మార్చుకుంటాయి. దీపాలు పగలు వెలిగింది అందుకే.

ఇక రూటింగ్, అంటే ట్రాకులు వేయడం. ఈ రిలే కాయిల్ నిరోధం 70 ఓములు, కాబట్టి అయిదు వోల్టుల దగ్గర అందులో పారేది 70 మిల్లీఆంపియర్లకు కాస్త పైన. పావు మిల్లీమీటరు వెడల్పు ట్రాక్ చాలు. దీపాల వైపు 5 ఆంపియర్లు పారాలంటే, మామూలుగా వాడే 35 మైక్రాన్ల మందం రాగి 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఉండటానికి ట్రాక్ దాదాపు 2.8 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి.

వెడల్పు కన్నా ఎడం ముఖ్యం. 230 వోల్టులు మోసే కామన్ కాలు సరిగ్గా కాయిల్ కాళ్ల మధ్యనే ఉంటుంది. రంధ్రాల మధ్య 6 మిల్లీమీటర్ల పైచిలుకు ఉన్నా, ప్యాడ్‌లు పోను మిగిలేది 4 మిల్లీమీటర్లకు అటూఇటూ. దుమ్ము, తేమ పేరుకుంటే కరెంటు బోర్డు ఉపరితలం మీదుగా పాకే ప్రమాదముంది. అందుకే మంచి డిజైనర్లు కామన్ కాలి చుట్టూ బోర్డును సన్నని చీలికగా కోయిస్తారు. పాకే దారి చుట్టుతిరుగుడవుతుంది. కొన్న రిలే మాడ్యూల్ అడుగున కనిపించే ఆ వింత గాడి దీనికోసమే.

ట్రాకులు ఒకదానికొకటి మరీ దగ్గరయ్యాయా, ఏదైనా కలపకుండా మిగిలిందా అన్నది సాఫ్ట్‌వేర్ రూల్ చెక్‌లో తేలుతుంది. తిరగబడిన ఫుట్‌ప్రింట్ మాత్రం దానికి చిక్కదు. అది సరిచూసేది కాళ్ల నంబర్లనే. మూడో నంబరు ప్యాడ్ దగ్గర నిజం రిలేలో ఏ కాలు దిగుతుందో దానికి తెలియదు.

ఫ్యాక్టరీకి పంపేవి గెర్బర్ ఫైళ్లు. రాగి పొరకు ఒకటి, సోల్డర్ మాస్క్‌కు ఒకటి, పైన అచ్చయ్యే అక్షరాలకు ఒకటి, బోర్డు అంచులకు ఒకటి. రంధ్రాలకు విడిగా డ్రిల్ ఫైలు. చీలికను `Edge.Cuts` పొరలో కాక అక్షరాల పొరలో గీస్తే అది తెల్లగీతగా అచ్చవుతుంది తప్ప కోత పడదు. అందుకే ఫైళ్లను పంపేముందు గెర్బర్ వ్యూయర్‌లో తెరిచి ఒక్కో పొరా చూడాలి.

ఫుట్‌ప్రింట్‌ను అసలు సైజులో కాగితం మీద ముద్రించి భాగాలు పెట్టి చూడటం డిజైనర్ల పాత అలవాటు. ఈ రిలేకు అదీ చాలదు, ఎలాగైనా సరిపోతుంది కాబట్టి. కాళ్లను కాగితంలో గుచ్చి, తిరగేసి, మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టి కామన్‌కూ చివరి రెండు కాళ్లకూ ఆనించాలి. కరెంటివ్వని రిలేలో బీప్ వచ్చేది ఎన్‌సీ. ఆ కాలు గుచ్చుకున్న ప్యాడ్ దగ్గర ఉన్నది స్కెమాటిక్‌లో ఎన్‌సీకి ఇచ్చిన నంబరే అయితే, బోర్డును అచ్చుకు పంపొచ్చు.