పీడకల వస్తే ఎవరికి చెప్పాలి?

మదీనాలో అబూ సలమా అనే విద్వాంసుడు ఉండేవారు. ప్రవక్త ముహమ్మద్ (స) తర్వాతి తరం మనిషి. ఆయనకు రాత్రిళ్లు ఎంతటి కలలు వచ్చేవంటే, లేచేసరికి ఒళ్లు వణికి జ్వరం తగిలేది. ఒకరోజు ప్రవక్త సహచరుడు అబూ ఖతాదాను కలిసి తన బాధ చెప్పుకున్నారు. నాకూ ఒకప్పుడు ఇలాగే ఉండేది, ప్రవక్త చెప్పిన మాట విన్నాక ఆ బాధ పోయింది అన్నారు ఆయన. బుఖారీ, ముస్లిం హదీసు సంపుటాలు రెండింటిలోనూ ఉన్న ఈ సంభాషణే ముస్లిం ఇళ్లలో కలల గురించి చెప్పుకునే నియమాలకు మూలం.

ఆ మాట ప్రకారం మంచి కల అల్లాహ్ నుంచి వస్తుంది. దాన్ని ‘రుయా’ అంటారు. భయపెట్టి, దిగులు పుట్టించే కల షైతాను పని. దాని పేరు ‘హుల్మ్’. ఇంకో హదీసు మూడో రకాన్నీ చెబుతుంది: పగలంతా మనసులో తిరిగిన విషయమే రాత్రి కలగా రావడం. మనకొచ్చే కలల్లో ఎక్కువ భాగం ఈ మూడో రకానివే కాబట్టి, వాటికి అర్థం వెతకాల్సిన పనే లేదు.

పీడకలకు చెప్పిన పద్ధతి చాలా చిన్నది. మెలకువ రాగానే ఎడమ వైపు మూడుసార్లు ఉమ్మినట్టు ఊదాలి. నిజంగా ఉమ్మడం కాదు, తుంపర తగిలీ తగలనట్టు గాలి ఊదడం. ఆ కల కీడు నుంచీ, షైతాను నుంచీ కాపాడమని అల్లాహ్‌ను శరణు వేడాలి. అప్పటిదాకా ఏ పక్కకు తిరిగి పడుకున్నారో దాన్ని వదిలి రెండో పక్కకు ఒత్తిగిలాలి. నిద్ర పట్టకపోతే లేచి నమాజు చేసుకోవచ్చు. ఆఖరిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆ కలను ఎవరికీ చెప్పకూడదు. ఇలా చేస్తే ఆ కల వల్ల ఏ హానీ ఉండదని హదీసు భరోసా ఇస్తుంది.

ఎవరికీ చెప్పకపోవడం మనకు కష్టమైన పని. పళ్లు ఊడినట్టు కల వస్తే తెల్లారేసరికి వీధిలో నలుగురికీ తెలిసిపోతుంది. వాళ్లలో ఒకరు ఇంట్లో ఎవరికో ఏదో అవుతుందంటారు. ఇక ఆ వారమంతా ఆ ఇంట్లో అన్నం సహించదు. కల కన్నా దానికి చెప్పిన అర్థమే ఎక్కువ కీడు చేస్తుంది. ఒక ఎడారి మనిషి ప్రవక్త దగ్గరికి వచ్చి, తన తల తెగి దొర్లిపోతుంటే దాని వెనకాల తాను పరుగెత్తినట్టు కల వచ్చిందని చెప్పాడు. ప్రవక్త ఆ కలకు అర్థం చెప్పలేదు. నిద్రలో షైతాను నీతో ఆడిన ఆటను జనానికి చెప్పుకోకు అని మాత్రమే అన్నారు.

మంచి కలనైనా మనల్ని ప్రేమించేవాళ్లకే చెప్పమన్నారు. దీని వెనక యూసుఫ్ కథ ఉంది. పదకొండు నక్షత్రాలు, సూర్యుడు, చంద్రుడు తనకు సాగిలపడినట్టు ఆ పిల్లవాడికి కల వచ్చింది. ఖుర్ఆన్‌లో అతను ముందు తండ్రి యాఖూబ్‌కే చెబుతాడు. మీ అన్నలకు చెప్పకు నాయనా, ఏదో కుట్ర పన్నుతారు అని తండ్రి హెచ్చరిస్తాడు. బైబిల్లో ఇదే పిల్లవాడు యోసేపు. అక్కడ అతను ముందుగా అన్నలకే చెప్పేస్తాడు. వాళ్లకు పగ పెరుగుతుంది, తండ్రి కూడా గద్దిస్తాడు. రెండు గ్రంథాల్లోనూ చివరికి అన్నలు అతన్ని గోతిలో పడేస్తారు. కల నిజంగా దేవుడిదే అయినా, వినే చెవి మంచిది కాకపోతే ఇంత జరుగుతుంది.

క్రైస్తవంలో మూడుసార్లు ఊదమనే లాంటి విధి ఏదీ లేదు. అక్కడ అడిగే ప్రశ్న వేరు: ఈ కల ఎక్కడి నుంచి వచ్చింది, నన్ను ఎటు నడిపిస్తోంది? మత్తయి సువార్తలో మరియ భర్త యోసేపుకు నాలుగు కలలు వస్తాయి. మరియను చేర్చుకో, బిడ్డతో ఐగుప్తుకు పారిపో, తిరిగి రా, గలిలయకు వెళ్లు. ఒక్కదానిలోనూ పొడుపుకథ లేదు. అర్థం చెప్పేవాణ్ని వెతుక్కోవాల్సిన అవసరం యోసేపుకు రాలేదు. పారిపొమ్మన్న రాత్రి ఆ రాత్రికే లేచి తల్లినీ బిడ్డనూ తీసుకుని బయలుదేరాడు. చిక్కుముడి లాంటి కలలు ఫరోకూ నెబుకద్నెజరుకూ వచ్చాయి. వాటిని విప్పిన యోసేపు, దానియేలు కూడా ఆ తెలివి తమది కాదనీ దేవుడిదేననీ ముందే చెప్పారు.

ద్వితీయోపదేశకాండం 13వ అధ్యాయం ఇంకా కఠినమైన పరీక్ష పెట్టింది. కల కన్నానని ఒకడు వచ్చి ఒక సూచన చెప్పి, అది అక్షరాలా నిజమైనా సరే, వాడు వేరే దేవుళ్ల వైపు లాగుతుంటే వాడి మాట వినకూడదు. అంటే కల నిజమవడం ఒక్కటే దానికి రుజువు కాదు. తెల్లవారుజాము కల నిజమవుతుందని నమ్మే మనలాంటి వాళ్లు ఆగి ఆలోచించాల్సిన మాట ఇది.

590 నుంచి 604 దాకా పోపుగా ఉన్న గ్రెగొరీ కలలను ఆరు రకాలుగా విడదీశారు. మొదటి రెండూ కడుపు నిండినందువల్ల, కడుపు ఖాళీగా ఉన్నందువల్ల వచ్చేవి. మిగతా నాలుగూ భ్రమ, భ్రమతో కలిసిన ఆలోచన, దైవ ప్రకటన, ప్రకటనతో కలిసిన ఆలోచన. ఇవి ఒకదానితో ఒకటి ఇంతగా కలిసిపోతాయి కాబట్టే తొందరపడి నమ్మవద్దన్నారాయన. తనకు తెలిసిన ఒక మనిషి సంగతీ రాశారు. ఆ మనిషికి కలల పిచ్చి. దీర్ఘాయుష్షు ఉందని కల రాగానే, అన్నేళ్లూ బతకడానికి కావాలని బోలెడు డబ్బు కూడబెట్టాడు. ఆ డబ్బు ముట్టకుండానే హఠాత్తుగా చనిపోయాడు.

భయపెట్టే కలకు ఒక గుర్తు చెప్పినవారు 7వ శతాబ్దంలో సీనాయి మఠాధిపతిగా ఉన్న యోహాను క్లైమాకస్. తీర్పును గుర్తుచేసి మనిషిని సరిదిద్దే కలను నమ్మవచ్చు గానీ, అది నిరాశలోకి తోస్తే అదీ దయ్యాల పనే అన్నారు. ఈ గుర్తును ఎవరైనా పట్టుకోవచ్చు. లేచాక ఒక తప్పు దిద్దుకోవాలనిపించిందా, లేక అంతా అయిపోయిందనిపించిందా?

రెండు సంప్రదాయాల్లోనూ అసలు శ్రద్ధ పడుకునే ముందే మొదలవుతుంది. ప్రవక్త రోజూ రాత్రి ఖుర్ఆన్‌లోని చివరి మూడు సూరాలు చదివి, అరచేతుల్లో ఊదుకుని, తల నుంచి ఒళ్లంతా తడుముకునేవారని ఆయన భార్య ఆయిషా చెప్పారు. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠాలకు రాసిన నియమావళిలో రాత్రి ప్రార్థనకు 91వ కీర్తనను పెట్టారు. రాత్రివేళ కలిగే భయానికి నువ్వు భయపడవని ధైర్యం చెప్పే కీర్తన అది.

ఇక కలల అర్థాల పుస్తకాల సంగతి. ఉర్దూ ఖ్వాబ్‌నామాలు చాలావాటి మీద ఇబ్న్ సీరీన్ పేరు ఉంటుంది. బస్రాకు చెందిన ఆయన హిజ్రీ 110లో చనిపోయారు. ఆ పుస్తకాలు ఆయన రాసినవి కావని పరిశోధకులు అంటారు. ఆయన గురించి చెప్పుకునే ఒక కథ కూడా ఆ పుస్తకాల పద్ధతికి విరుద్ధంగానే ఉంటుంది. ఇద్దరు మనుషులు వేర్వేరుగా వచ్చి, తాము అజాన్ ఇచ్చినట్టు కల వచ్చిందన్నారు. నువ్వు హజ్‌కు వెళతావని ఒకరితో, నీ మీద దొంగతనం రుజువవుతుందని రెండోవారితో ఆయన అన్నారట. ఆ తేడా మనుషుల్లో ఉంది, కలలో లేదు. ఆ మనిషిని ఎరగని పుస్తకం ఆ తేడాను చెప్పలేదు.

అలాగే ఇస్తిఖారా నమాజు చేశాక కల రావాలని చాలామంది ఎదురుచూస్తారు. అది రెండు రకాతుల నమాజు, ఒక దువా మాత్రమే. అది నేర్పిన హదీసులో కల ప్రస్తావనే లేదు.

ఒకే పీడకల వారాల తరబడి వస్తూ నిద్ర చెడగొడుతుంటే డాక్టరుకు చూపించుకోండి. అర్ధరాత్రి మీ ఇంట్లో పిల్లవాడు ఏడుస్తూ లేస్తే కలలో ఏం కనిపించిందని గుచ్చిగుచ్చి అడగకండి. కాసిని మంచినీళ్లు తాగించి, మీకు తెలిసిన ప్రార్థన చెప్పించి, రెండో పక్కకు తిప్పి పడుకోబెట్టండి.