టర్మ్ పేపర్లో మార్కులు ఎక్కడ పోతాయి?

పెద్ద క్లాసుల్లో పాఠం చెప్పేది ప్రొఫెసరైనా, పేపర్లు దిద్దేది చాలాచోట్ల టీచింగ్ అసిస్టెంటే. అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్న తెలుగువాళ్లలో ఎందరో ఈ పని చేస్తున్నారు. ఇకపై టర్మ్ పేపర్‌కు ఒకే అమరిక, ఒకే మార్కుల పట్టిక అని టీఏ లేఖ రాస్తే, మా రాతకు సంకెళ్లు వేస్తున్నారని విద్యార్థులు నొచ్చుకుంటారు. నిజానికి ఆ పట్టిక దిద్దేవాళ్ల చేతుల్నే ఎక్కువగా కట్టేస్తుంది. అది అవసరం కూడా. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే పరిశోధకులు ఒకే ఇంగ్లిష్ జవాబుపత్రాన్ని వందమందికి పైగా ఉపాధ్యాయులతో దిద్దిస్తే, ఒకరు 50 వేసినచోట ఇంకొకరు 90 దాటించారు.

ఆర్థికశాస్త్రం క్లాసుకు రాసే లేఖను ఉదాహరణగా తీసుకుందాం. అందులో ముఖ్యభాగం ఇలా ఉండొచ్చు: ‘పేపర్‌ను మీ ప్రశ్నతో మొదలుపెట్టండి, దానికి 15 మార్కులు. ఇంతకుముందు ఎవరేం తేల్చారో చెప్పడానికి 20. ఆధారాలకు, వాటి విశ్లేషణకు కలిపి 50. మీ వాదన ఎక్కడిదాకా నిలుస్తుందో ఒప్పుకోవడానికి 10. భాషకు, ఆధారగ్రంథాల పట్టికకు మిగిలిన 5.’

ఒక విద్యార్థి మధ్యాహ్న భోజనం మీద రాశాడనుకోండి. చదువు ఎంత గొప్పదో రెండు పేజీలు రాశాడు. వాటికి మార్కుల్లేవు, ఎందుకంటే ప్రశ్న ఇంకా రాలేదు. ‘బడిలో వండిన భోజనం పెట్టడం మొదలయ్యాక ఒకటో తరగతి పిల్లల హాజరు పెరిగిందా?’ అని అడిగితే అది ప్రశ్న. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కొన్ని రాష్ట్రాలు ముందు, కొన్ని తర్వాత అమలు చేశాయి కాబట్టి పోల్చి చూసే వీలుంది.

అతను ఒక్క జిల్లా లెక్కలే తెచ్చి, హాజరు పెరిగింది కాబట్టి భోజనం వల్లేనని తేల్చేస్తే ఆ 50లో సగమైనా రావడం కష్టం. అదే ఏడాది అక్కడ కొత్త బడి కట్టి ఉండొచ్చు, టీచర్లు పెరిగి ఉండొచ్చు. భోజనం ఆలస్యంగా మొదలైన పక్క జిల్లాతో పోలిస్తేనే తేడా తెలుస్తుంది. ఆ లెక్కలు దొరక్కపోతే ఆ మాటే పరిమితుల భాగంలో రాయాలి. విశ్లేషణలో పోయినవి తిరిగి రావు గానీ, ఆ 10 మార్కులు దక్కుతాయి.

పట్టిక ఉన్నంత మాత్రాన తేడాలు పూర్తిగా పోవు. ‘మంచి విశ్లేషణ’ అంటే ఒక్కొక్కరికి ఒక్కో కొలత. అందుకే టీఏలు ముందుగా నాలుగైదు పేపర్లను విడివిడిగా దిద్ది, మార్కులు దూరంగా ఉన్నచోట కూర్చుని మాట్లాడుకుని, ఆ తర్వాతే మిగతా కట్ట విప్పాలి. లేఖ చివర విద్యార్థికి ఒక హక్కు కూడా రాసిపెట్టాలి: మార్కుల మీద అభ్యంతరముంటే ఏ భాగంలో, ఏ పేజీ చూసి అడుగుతున్నారో రాసివ్వండి, ఆ భాగాన్ని మరో టీఏ మళ్లీ దిద్దుతారు.