సార్టెక్స్ మొరాయిస్తే హెఫెయ్‌కు రాసే లేఖ

విదేశం నుంచి తెప్పించిన యంత్రం చెడిపోతే తయారీదారుకు రాసే వారంటీ లేఖకు ఆధారం ఒప్పందంలోని షరతు. ఆ లేఖ చదివే సర్వీస్ విభాగపు ఉద్యోగి మిల్లును చూసి ఉండడు, యజమానిని ఎరిగి ఉండడు. అతని ముందు ఒప్పందం కాగితం ఒకటి, ఈ లేఖ ఒకటి ఉంటాయి. అందుకే యజమాని తెలుగులో రాసి ఇచ్చిన నోట్సును ఉన్నదున్నట్టు ఇంగ్లిషులోకి మార్చి పంపితే సాధారణంగా పని జరగదు. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, ఏది కొత్తగా అడిగి తెలుసుకోవాలి అన్నది రాసేవారే తేల్చుకోవాలి.

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లును ఊహించుకుందాం. అందులో చైనా నుంచి తెచ్చిన మూడు చూట్ల సార్టెక్స్ యంత్రం ఉంది. అన్హుయి రాష్ట్రంలోని హెఫెయ్ నగరం ఈ రకం యంత్రాల తయారీకి పేరుపడింది. బియ్యం చూట్ల మీదుగా జారి కిందికి పడుతుంటే కెమెరాలు నల్ల గింజను పసిగడతాయి. వెంటనే ఎజెక్టర్ అనే చిన్న వాల్వు తెరుచుకుని, గాలితో ఆ గింజను పక్కకు కొడుతుంది. యజమాని నోట్సు ఇలా ఉంది: “సార్టెక్స్ సరిగా కొట్టడం లేదు. మూడో చూట్ కింద నల్ల గింజ మంచి బియ్యంలో కలుస్తోంది. వాల్వులు ఇరుక్కుంటున్నాయి. ఏప్రిల్ నుంచీ ఇదే గోల. ఫోన్ చేస్తే రేపు మాపు అంటున్నారు. మోసం చేశారు. మిషన్ వెనక్కి తీసుకుని డబ్బులివ్వాలి.”

అన్నిటికంటే ముందు వారంటీ ఇంకా బతికి ఉందా లేదా చూడాలి. ఈ ఒప్పందంలో వారంటీ 'యంత్రం నడక మొదలైన రోజు నుంచి 12 నెలలు, లేదా ఓడకెక్కించిన రోజు నుంచి 18 నెలలు, ఏది ముందైతే అది' అని ఉంది. దిగుమతి యంత్రాల ఒప్పందాల్లో తరచుగా కనిపించే షరతే ఇది. యంత్రం 2023 నవంబర్ 10న ఓడకెక్కింది. షెడ్డు సిద్ధం కాకపోవడంతో 2024 ఆగస్టు 1న గాని నడవలేదు. 2025 ఆగస్టు దాకా వారంటీ ఉందని యజమాని ధీమాగా ఉన్నాడు. లెక్క వేస్తే అది మే 10తోనే ముగిసింది. లేఖ రాస్తున్నది జూన్‌లో.

అంతటితో దారి మూసుకుపోలేదు. లోపం ఎప్పుడు బయటపడింది, దాన్ని అమ్మినవారికి ఎప్పుడు తెలిపారు అన్నది చూడాలి. ఫోన్ మాటలకు సాక్ష్యం ఉండదు. అయితే ఏప్రిల్ 14న మిల్లు సూపర్‌వైజర్ వాల్వుల వీడియో తీసి ఏజెంటుకు వాట్సాప్‌లో పంపాడు. మర్నాడు ఏజెంటు “ఇంజినీరుతో మాట్లాడి చెబుతాను” అని జవాబిచ్చాడు. ఈ సంగతి నోట్సులో లేదు, గుచ్చిగుచ్చి అడిగితే బయటికొచ్చింది. లేఖ మొత్తానికి గట్టి వాక్యం దీని నుంచే పుడుతుంది: ఈ లోపం గురించి వారంటీ గడువులోనే, ఏప్రిల్ 14న, రాతపూర్వకంగా తెలిపాము, మీ ప్రతినిధి 15న అందినట్టు ఒప్పుకున్నారు. ఆ సందేశాల కాపీని లేఖకు మొదటి జతగా పెట్టాలి. యంత్రం మోడల్, సీరియల్ నంబరు, ఇన్వాయిస్ నంబరు, ఓడ రవాణా పత్రం నంబరు దానికి పైనే, మొదటి పేరాలో ఉంటాయి.

ఇక లోపాన్ని వర్ణించాలి. 'సరిగా కొట్టడం లేదు' అంటే హెఫెయ్‌లో కూర్చున్న మనిషికి ఏమీ తెలియదు. ఒక్కో చూట్ కింద మంచి బియ్యం కిలో చొప్పున తీసి నల్ల గింజలు ఏరి లెక్కపెట్టించాలి. మొదటి చూట్‌లో 3, రెండో దాంట్లో 4, మూడో దాంట్లో 41 వచ్చాయనుకుందాం. ధాన్యం అదే, వేగం అదే, సెట్టింగు అదే అని తేదీతో సహా రాస్తే వాదించడానికి చోటు తగ్గుతుంది.

అయినా ఒక జవాబు వస్తుందని ఊహించవచ్చు: మీ కంప్రెసర్ గాలిలో తేమ, నూనె ఉన్నాయి, వాల్వులు అందుకే పట్టేశాయి, అది వారంటీ కిందికి రాదు. ఎజెక్టర్లు చెడితే అమ్మినవారికి ముందుగా తోచే సాకు ఇదే. చాలాచోట్ల అది నిజం కూడా. డ్రయర్ సరిగా పనిచేయక, ఫిల్టర్లు మార్చక నాశనమైన వాల్వులు తక్కువేమీ కాదు. కాబట్టి ఆ సంగతి లేఖే ముందుగా ఎత్తుకోవాలి. ఏజెంటు ఇంజినీరు వీడియో కాల్‌లో చూస్తుండగా, అతను రాతలో ఒప్పుకున్నాక, మొదటి చూట్ ఎజెక్టర్ బ్లాకును మూడో చూట్‌కు, మూడో దాన్ని మొదటి చూట్‌కు మార్చి మళ్లీ కిలో బియ్యం ఏరాలి. ఇప్పుడు మొదటి చూట్‌లో 38, మూడో దాంట్లో 4 వస్తే లోపం బ్లాకుతోపాటే కదిలిందన్నమాట. అంటే కెమెరా తప్పు కాదు, గాలి గొట్టం తప్పు కాదు. మూడు బ్లాకులకూ గాలి ఒకే కంప్రెసర్ నుంచి వస్తున్నప్పుడు ఒక్కటే పాడైతే గాలిని నిందించడం కష్టం. ఇది నూటికి నూరు పాళ్ల రుజువు కాదు గాని, డ్రయర్ సర్వీసు రసీదులు, ఫిల్టర్ మార్చిన తేదీల పట్టిక దానికి తోడైతే రుజువు చేయాల్సిన బరువు అవతలివారి మీద పడుతుంది. అనుమతి లేకుండా బ్లాకు విప్పితే మాత్రం వారంటీ రద్దయిందనే అవకాశాన్ని మనమే ఇచ్చినట్టవుతుంది.

నోట్సులోని 'మోసం చేశారు' అన్న మాట లేఖలోకి రాకూడదు. దాన్ని రుజువు చేయాలంటే అమ్మినవారి ఉద్దేశాన్ని రుజువు చేయాలి, ఇక్కడ ఆ అవసరమే లేదు. డబ్బు వాపసు కోరిక కూడా ఈ దశలో బలహీనమే. మన 1930 నాటి వస్తు విక్రయ చట్టం వర్తించే చోట, సరుకును స్వీకరించి వాడుకున్న కొనుగోలుదారు సాధారణంగా దాన్ని తిరస్కరించలేడు, నష్టపరిహారం మాత్రం అడగగలడు. అసలు ఏ దేశపు చట్టం వర్తిస్తుందో, తగువు ఎక్కడ తేలాలో ఒప్పందంలో చూడాలి. వివాదం చైనాలో మధ్యవర్తి ముందు తేలాలని సంతకం పెట్టి, 'ఇక్కడి కోర్టుకు లాగుతాం' అని రాస్తే చదివేవాడికి ఒప్పందం చదవలేదని తెలిసిపోతుంది.

కాబట్టి అడిగేది ఒప్పందం ఇచ్చినదాన్నే, అంగుళం తగ్గకుండా అడగాలి. మూడో చూట్ ఎజెక్టర్ బ్లాకును ఫలానా తేదీలోగా కొత్తది పంపాలి. దాని విమాన రవాణా ఖర్చు, ఇక్కడి కస్టమ్స్ సుంకం అమ్మినవారే భరించాలి. ఈ ఒక్క ముక్క రాయకపోతే 'ఉచిత' విడిభాగం విమానాశ్రయంలో సుంకం కోసం ఆగిపోతుంది. బిగించడానికి ఇంజినీరును పంపాలి. కొత్త భాగానికి వారంటీ ఎంతకాలమో రాసివ్వాలి. 'దయచేసి వీలైనంత త్వరగా' అన్న చోట తేదీ ఉండాలి. ఆ తేదీ దాటితే ఒప్పందంలోని ఫలానా క్లాజు ప్రకారం ముందుకు వెళ్తామని ఒక్క వాక్యం చాలు. వ్యాపార నష్టం చాలా ఒప్పందాల్లో ముందే మినహాయించి ఉంటుంది. అందుకని దాన్ని అంకెలతో అడగకుండా, చట్టం ఇచ్చిన మిగతా హక్కులేవీ వదులుకోవడం లేదని రాసి ఊరుకుంటే మేలు.

లేఖను తయారీదారుకూ ఏజెంటుకూ ఒకేసారి ఈమెయిల్ చేసి, సంతకం పెట్టిన ప్రతిని కొరియర్‌లో పంపుతారు. ఒప్పందంలో నోటీసులకు ప్రత్యేకంగా చిరునామా ఇచ్చి ఉంటే అక్కడికే వెళ్లాలి. పాత బ్లాకును పరీక్షకు పంపమని జవాబు వస్తే పంపవచ్చు గాని, సీరియల్ నంబరు కనబడేలా ఫొటోలు తీసి, రసీదు తీసుకుని, పరీక్ష నివేదిక కాపీ ఇవ్వాలని షరతు పెట్టాకే దాన్ని గడప దాటించాలి.